క్లోజింగ్ స్టాక్ లెక్క తప్పితే ఈ ఏడాది లాభం, వచ్చే ఏడాది లాభం ఎలా మారతాయి: తరచుగా అడిగే ప్రశ్నలు

మార్చి 31న సరుకు లెక్క పెట్టడంలో పొరపాటు జరిగిందని తర్వాత ఎప్పుడో తెలుస్తుంది. అప్పుడు దుకాణదారులు, గుమాస్తాలు, బీకాం విద్యార్థులు అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. వాటన్నిటికీ ఒకే ఉదాహరణతో జవాబులు చెప్పాను. గుంటూరులో ఎలక్ట్రికల్ సామాను హోల్‌సేల్‌గా అమ్మే ఒక భాగస్వామ్య సంస్థ ఉందనుకుందాం. అంకెలు లెక్కకు సులువుగా ఉండేలా నేను వేసుకున్నవే. పొరపాటు మాత్రం నిజంగా దుకాణాల్లో తరచూ జరిగేదే.

క్లోజింగ్ స్టాక్ ఎక్కువ రాస్తే లాభం ఎందుకు పెరుగుతుంది? మనం ఏమీ అమ్మలేదు కదా?

ఇలాంటి దుకాణాల్లో అమ్మిన సరుకు మనకు ఎంతకు పడిందో మామూలుగా బిల్లు బిల్లుకూ లెక్క రాయరు. ఏడాది చివర ఒక్కసారే తేలుస్తారు. ఏడాది మొదట ఉన్న సరుకుకు కొన్నది కలిపి, అందులోంచి ఆఖరున మిగిలినది తీసేస్తే, పోయినదంతా అమ్ముడైనట్టే లెక్క.

```
అమ్మిన సరుకు ఖరీదు = ఓపెనింగ్ స్టాక్ + కొనుగోళ్లు − క్లోజింగ్ స్టాక్
స్థూల లాభం = అమ్మకాలు − అమ్మిన సరుకు ఖరీదు
```

మిగిలిన సరుకును ఎక్కువ చూపిస్తే అమ్మిన సరుకు ఖరీదు అంత మేరకు తగ్గిపోతుంది. అమ్మకాల అంకె మారదు కాబట్టి తగ్గిన ఆ ఖరీదు నేరుగా లాభంలో కలుస్తుంది. పైసా కూడా పక్కకు పోదు. స్టాకులో లక్ష ఎక్కువ పడితే స్థూల లాభంలోనూ లక్ష ఎక్కువ పడుతుంది. జీతాలు, అద్దెల్లాంటి ఖర్చులు మారవు కాబట్టి పన్నుకు ముందు నికర లాభంలోనూ అదే లక్ష తేడా వస్తుంది.

అమ్మిన సరుకు ఖరీదు ఇలా మిగిలినదాన్ని బట్టి తేలేది కాబట్టి, లెక్కలో పడిన తప్పుకు విడిగా ఏ ఖాతాలోనూ జాడ ఉండదు. ట్రయల్ బ్యాలెన్స్ కలుస్తుంది, ఆస్తి అప్పుల పట్టిక కూడా కలుస్తుంది. అటు ఆస్తుల్లో స్టాకు లక్ష పెరిగితే ఇటు మూలధనంలో లాభం లక్ష పెరిగి కూర్చుంటుంది. రెండు వైపులా సరిపోయాయి కాబట్టి అంతా బాగుందనుకోవడానికి వీల్లేని చోటు ఇదే.

ఒక లెక్క వేసి చూపిస్తారా?

మన గుంటూరు దుకాణంలో 2024 మార్చి 31న సరుకు లెక్క పెట్టారు. ఉదయం గోడౌన్‌లో వైరు కాయిల్స్ లెక్కేసి షీటులో రాసుకున్నారు. ఒక్కోటి 90 మీటర్ల కాయిల్. మధ్యాహ్నం దుకాణంలో సరుకు తగ్గిందని కుర్రాడు గోడౌన్‌ నుంచి 100 కాయిల్స్ తెచ్చి ర్యాకుల్లో సర్దాడు. సాయంత్రం దుకాణంలో లెక్క పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలియదు. ఆ 100 కాయిల్స్‌ను మళ్లీ లెక్కేశారు. కొన్న ధర ఒక్కోటి 1,400 రూపాయలు. అంటే 1,40,000 రూపాయల సరుకు రెండుసార్లు స్టాకులోకి ఎక్కింది.

ఆ ఏడాది, అంటే 2023-24లో, అమ్మకాలు 80,00,000. ఓపెనింగ్ స్టాక్ 12,00,000, కొనుగోళ్లు 66,00,000. నిజంగా మిగిలిన సరుకు 14,00,000 అయితే పుస్తకాల్లో రాసింది 15,40,000.

నిజమైన లెక్క ప్రకారం అమ్మిన సరుకు ఖరీదు 64,00,000. స్థూల లాభం 16,00,000, అంటే అమ్మకాల మీద 20 శాతం. పుస్తకాల ప్రకారం ఆ ఖరీదు 62,60,000కు తగ్గింది, స్థూల లాభం 17,40,000 అయింది, శాతం 21.75కు ఎక్కింది. తేడా సరిగ్గా 1,40,000.

మరి వచ్చే ఏడాది ఏమవుతుంది?

ఈ ఏడాది క్లోజింగ్ స్టాకే ఏప్రిల్ 1న ఓపెనింగ్ స్టాక్. కాబట్టి తప్పు కూడా దానితోపాటే కొత్త పుస్తకంలోకి వస్తుంది. కాకపోతే ఈసారి లెక్కలో అవతలి వైపు నిలబడుతుంది. క్లోజింగ్‌గా ఉన్నప్పుడు ఖరీదులోంచి తీసేశాం, ఓపెనింగ్‌గా వచ్చినప్పుడు ఖరీదుకు కలుపుతాం. అందుకే అదే 1,40,000 ఈసారి లాభాన్ని తగ్గిస్తుంది.

2024-25లో అమ్మకాలు 90,00,000, కొనుగోళ్లు 73,50,000 అనుకుందాం. 2025 మార్చి 31న సరుకు జాగ్రత్తగా లెక్క పెట్టారు, 15,50,000 తేలింది. ఇది నిజమైన అంకె. రెండేళ్లనూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది:

| | 2023-24 పుస్తకం | 2023-24 నిజం | 2024-25 పుస్తకం | 2024-25 నిజం |
|---|---|---|---|---|
| అమ్మకాలు | 80,00,000 | 80,00,000 | 90,00,000 | 90,00,000 |
| ఓపెనింగ్ స్టాక్ | 12,00,000 | 12,00,000 | 15,40,000 | 14,00,000 |
| కొనుగోళ్లు | 66,00,000 | 66,00,000 | 73,50,000 | 73,50,000 |
| క్లోజింగ్ స్టాక్ | 15,40,000 | 14,00,000 | 15,50,000 | 15,50,000 |
| స్థూల లాభం | 17,40,000 | 16,00,000 | 16,60,000 | 18,00,000 |

పుస్తకాల్లో రెండేళ్ల లాభం కలిపితే 34,00,000. నిజమైన లాభం కలిపినా 34,00,000. మొదటి ఏడాది ఎక్కువ పడింది రెండో ఏడాది తరిగిపోయింది. 2025 మార్చి 31 నాటి ఆస్తి అప్పుల పట్టికలో స్టాకు సరైనదే, మొత్తం మూలధనం కూడా సరైనదే.

రెండేళ్లకు సర్దుకుపోతుంది కదా, ఇక బాధ ఏమిటి?

నన్ను అడిగితే ఈ మాటే అన్నిటికంటే ప్రమాదం. సర్దుకుపోయేది మొత్తం మాత్రమే. ఆ మధ్యలో ఈ అంకెలు చూసి తీసుకున్న నిర్ణయాలు సర్దుకోవు.

పై పట్టికలో ఆఖరి వరస మళ్లీ చూడండి. నిజానికి వ్యాపారం పెరిగింది. లాభం 16 లక్షల నుంచి 18 లక్షలకు, అంటే 2 లక్షలు పెరిగింది. పుస్తకం మాత్రం 17.40 లక్షల నుంచి 16.60 లక్షలకు, 80,000 పడిపోయిందని చెబుతోంది. తప్పు 1,40,000దే అయినా ఒక ఏడాదిని ఇంకో ఏడాదితో పోల్చేసరికి తేడా రెట్టింపై 2,80,000 అయింది. మొదటి ఏడాది అంకె పైకి లేచింది, రెండోది కిందికి దిగింది, అందుకే రెట్టింపు. బాగా నడిచిన ఏడాదిని చూసి యజమాని టెన్షన్ పడతాడు. అమ్మకాలు పెరిగినా లాభం తగ్గిందంటే డిస్కౌంట్లు ఎక్కువ ఇచ్చామేమో అనుకుని రేట్లు పెంచుతాడు. లేని రోగానికి మందు వేసినట్టే.

ఇంకా బాధ కలిగించేది గోడౌన్‌లో పనిచేసేవాళ్ల సంగతి. 2025లో సరుకు సరిగ్గా లెక్క పెట్టినప్పుడు, పుస్తకాల ప్రకారం ఉండాల్సిన కాయిల్స్ కన్నా 100 తక్కువ కనిపిస్తాయి. అవి అసలు లేనే లేవు. కానీ లెక్క ప్రకారం "పోయినట్టే". అప్పుడు అనుమానం గోడౌన్ తాళాలు ఉన్నవాడి మీదికి వెళుతుంది. సరుకు తక్కువ వచ్చిందని ఎవరినైనా ఒక మాట అనేముందు, కిందటి ఏడాది స్టాక్ షీట్లు తీసి చూడటం న్యాయం.

బ్యాంకులో క్యాష్ క్రెడిట్ ఉన్నవాళ్లకు మరో చిక్కు. స్టాకు విలువలోంచి బ్యాంకు మార్జిన్ తీసేసి, మిగిలినదాని మేరకు డబ్బు వాడుకోనిస్తుంది. మార్జిన్ 25 శాతం అయితే లేని 1,40,000 సరుకు మీద 1,05,000 అదనంగా వాడుకునే వీలు వస్తుంది. మరుసటి స్టేట్‌మెంట్‌లో అసలు అంకె వచ్చేసరికి ఆ వీలు ఒక్కసారిగా తగ్గిపోతుంది.

ఆ తేడా భాగస్వాముల వాటాల్లోకి ఎలా వస్తుంది?

వాటాల నిష్పత్తి రెండేళ్లూ ఒకటే అయితే పెద్దగా ఏమీ కాదు. ఎవరికి ఎక్కువ పడిందో వాళ్లకే తర్వాత తగ్గుతుంది. నిష్పత్తి మధ్యలో మారితే మాత్రం ఒకరి డబ్బు ఇంకొకరికి పోతుంది.

మన దుకాణంలో 2023-24లో ఇద్దరు భాగస్వాములు, చెరిసగం. 2024 ఏప్రిల్ 1న మూడో ఆయన చేరాడు, అప్పటి నుంచి నిష్పత్తి 2:2:1. మొదటి ఏడాది ఎక్కువ పడిన 1,40,000లో పాతవాళ్లకు చెరి 70,000 వచ్చింది. రెండో ఏడాది తగ్గిన 1,40,000లో పాతవాళ్ల వంతు చెరి 56,000, కొత్తాయన వంతు 28,000. పాతవాళ్లు చెరి 14,000 లాభపడ్డారు. తన హయాంలో జరగని తప్పుకు కొత్తాయన 28,000 కట్టాడు. మొత్తం సంస్థ లెక్క చూస్తే ఏ తేడా కనిపించదు.

స్టాకు తక్కువ లెక్కపెడితే?

అంతా తలకిందులు. ఈ ఏడాది లాభం తగ్గుతుంది, వచ్చే ఏడాది అంతే పెరుగుతుంది. ఒక షీటు కూడటం మరిచిపోవడం, పైఅరల్లోని సరుకు చూడకపోవడం, బ్రాంచిలో లేదా మరమ్మతుకు పంపిన చోట ఉన్న మన సరుకును వదిలేయడం మామూలుగా దీనికి కారణాలు. తేడా అల్లా పన్నులో కనిపిస్తుంది. దాని గురించి కింద చెప్పాను.

రెండో ఏడాది లెక్క కూడా తప్పితే ఎలా తేల్చాలి?

ఇక్కడ "ఎక్కువైతే ఎక్కువ, తక్కువైతే తక్కువ" అన్న బట్టీ మాటలు పనికిరావు. ఒక్క సూత్రం పెట్టుకుంటే చాలు:

```
ఆ ఏడాది లాభంలో తప్పు = క్లోజింగ్ స్టాక్‌లో తప్పు − ఓపెనింగ్ స్టాక్‌లో తప్పు
```

ఎక్కువ రాసిన దానికి ప్లస్ గుర్తు, తక్కువ రాసిన దానికి మైనస్ గుర్తు వేసుకోవాలి. జవాబు ప్లస్ వస్తే లాభం ఎక్కువ చూపించినట్టు.

2025 మార్చిలో కూడా వేరే పొరపాటు జరిగి 60,000 ఎక్కువ రాశారనుకుందాం. 2024-25లో తప్పు 60,000 − 1,40,000, అంటే మైనస్ 80,000. కాబట్టి లాభం 17,20,000గా కనిపిస్తుంది, నిజం 18,00,000. 2026 మార్చిలో సరిగ్గా లెక్క పెడితే 2025-26లో 0 − 60,000, అంటే మరో 60,000 తగ్గుతుంది. మూడేళ్లవీ కూడండి: ప్లస్ 1,40,000, మైనస్ 80,000, మైనస్ 60,000. సున్నా. అంటే తప్పు రెండేళ్లలోనే సర్దుకుంటుందన్న నియమం ఏదీ లేదు. ఏ మార్చి 31న స్టాకు సరిగ్గా పడుతుందో ఆనాటికి సర్దుకుంటుంది.

ఇందులోనే పైకి కనిపించని ఒక సంగతి ఉంది. ఏటా ఒకే తప్పు ఒకే మొత్తంలో జరిగితే? 2025లోనూ సరిగ్గా 1,40,000 ఎక్కువ రాస్తే ఆ ఏడాది తప్పు 1,40,000 − 1,40,000 = 0. లాభం కచ్చితంగా సరైనదే, 18,00,000. లాభశాతం కూడా 20. అయినా ఆస్తి అప్పుల పట్టికలో లేని సరుకు 1,40,000 కూర్చునే ఉంటుంది. చెడిపోయి మూలన పడేసిన సరుకును ఏళ్ల తరబడి అదే విలువకు స్టాకులో రాసుకునే దుకాణాల్లో జరిగేది ఇదే. ఏదో ఒక సంవత్సరం నిజం ఒప్పుకోవాల్సి వస్తుంది. ఆ దెబ్బంతా పాపం ఆ ఒక్క ఏడాది లాభం మీదే పడుతుంది.

సరుకు వచ్చింది, బిల్లు ఇంకా ఎక్కించలేదు. ఇదీ స్టాక్ తప్పేనా?

ఇక్కడ చాలామంది తడబడతారు, కాబట్టి నిదానంగా చూద్దాం. మార్చి 30న 50,000 రూపాయల ఫ్యాన్లు దిగాయి, బిల్లు ఏప్రిల్ 4న చేతికొచ్చింది అనుకోండి. సరుకు మార్చిలోనే మనదైపోయింది.

ఫ్యాన్లనూ లెక్క పెట్టలేదు, బిల్లునూ మార్చిలో రాయలేదు అంటే లాభం మారదు. కొనుగోళ్లలో 50,000 తక్కువ, క్లోజింగ్ స్టాక్‌లోనూ 50,000 తక్కువ, ఒకదానికొకటి చెల్లు. కాకపోతే అటు ఆస్తి, ఇటు ఇవ్వాల్సిన బాకీ, రెండూ తక్కువగా కనిపిస్తాయి. ఫ్యాన్లను లెక్క పెట్టి బిల్లు మాత్రం ఏప్రిల్‌లో రాస్తే, ఈ ఏడాది లాభం 50,000 ఎక్కువ, వచ్చే ఏడాది 50,000 తక్కువ. తిరగేసి, బిల్లు మార్చిలో రాసి ఫ్యాన్లను లెక్క పెట్టకపోతే ఈ ఏడాది తక్కువ, వచ్చే ఏడాది ఎక్కువ. సరుకు లారీలోనే ఉండి బిల్లు ముందు వచ్చినప్పుడు జరిగేది ఈ మూడోది.

అమ్మకం వైపు కూడా ఇలాంటిదే ఉంది. మార్చి 31న బిల్లు వేసి, డబ్బు తీసుకుని, "రేపు బండి పంపుతాను, ఉంచండి" అని కస్టమర్ వెళ్లిపోతాడు. ఆ సరుకు మన గోడౌన్‌లోనే ఉంది కాబట్టి లెక్కలో పడుతుంది. అమ్మకం వచ్చింది, సరుకూ ఉంది, లాభం రెండు వైపుల నుంచీ పెరిగింది. ఇలాంటి సరుకును లెక్కకు ముందే పక్కకు పెట్టి దాని మీద చీటీ అంటించాలి.

సంఖ్య సరిగ్గానే ఉంది, ధర తప్పు వేశాం. అప్పుడు?

లాభం మీద ప్రభావం అచ్చం అంతే. సూత్రానికి విలువే కావాలి, తప్పు సంఖ్యలో జరిగిందా ధరలో జరిగిందా అన్నది దానికి పట్టదు. ఎక్కువగా కనిపించేది జీఎస్టీ కలిపిన ధర వేయడం. ఇన్‌పుట్ ట్యాక్స్ తీసుకున్న దుకాణంలో కొనుగోళ్లు జీఎస్టీ లేకుండా రాస్తారు. స్టాక్ షీటులో ధర వేసేవాడు మాత్రం బిల్లు కింద ఉన్న మొత్తం చూసి వేస్తాడు. 240 కాయిల్స్ 1,400 చొప్పున 3,36,000 కావాలి. 18 శాతం కలిపితే ఒక్క వైర్ల దగ్గరే 60,480 ఎక్కువ పడుతుంది.

స్టాకు విలువ కట్టే పద్ధతి చెప్పే అకౌంటింగ్ స్టాండర్డ్ ఏఎస్-2 ప్రకారం కొన్న ఖరీదు, ఖర్చులు పోను అమ్మితే వచ్చే ధర, ఈ రెండింటిలో తక్కువది వేయాలి. ఎంఆర్‌పీ వేస్తే ఇంకా అమ్మని సరుకు మీద లాభాన్ని ముందే రాసుకున్నట్టు.

తప్పు జరిగిందని ఎలా కనిపెట్టాలి?

మొదటి సూచన స్థూల లాభశాతం. మన దుకాణంలో నిజమైన శాతం రెండేళ్లూ 20. పుస్తకాల్లో 21.75, ఆ తర్వాత 18.44. ఒక ఏడాది ఎగిసి మరుసటి ఏడాది పడిపోవడం స్టాకు తప్పుకు గుర్తు. అయితే దీన్ని సాక్ష్యం అనుకోకండి. కంపెనీ స్కీములు మారినా, రాగి ధర పెరిగే ముందు కొని పెరిగాక అమ్మినా శాతం మారుతుంది. వైరు వ్యాపారంలో అది మామూలే. శాతం అనుమానం కలిగిస్తుంది, తేల్చేది మాత్రం సంఖ్యలే.

సంఖ్యలతో తేల్చడం ఇలా. ఏడాది మొదట 180 కాయిల్స్ ఉన్నాయి. కొనుగోలు బిల్లుల్లో 1,450 వచ్చాయి. అమ్మకం బిల్లుల్లో 1,390 పోయాయి. మిగలాల్సినవి 180 + 1,450 − 1,390 = 240. షీటులో 340 ఉన్నాయి. తేడా సరిగ్గా 100. ఇలా గుండ్రని అంకె వస్తే దొంగతనం కన్నా లెక్క పొరపాటుకే అవకాశం ఎక్కువ. అప్పుడు ఆ రోజు గోడౌన్ నుంచి దుకాణానికి వెళ్లిన చీటీలు వెతకాలి. తేడా 9తో భాగమైతే అంకెలు తారుమారు చేసి రాశారేమో చూడాలి, 63 బదులు 36 రాసినట్టు. పెట్టెకు 20 చొప్పున వచ్చే స్విచ్చుల దగ్గర తేడా వస్తే, పెట్టెలను పీసులుగా రాశారా, పీసులను పెట్టెలుగా రాశారా అని చూడాలి. ఈ ఒక్క పొరపాటు విలువను 20 రెట్లు చేస్తుంది, లేదా 20వ వంతుకు దించేస్తుంది.

అన్ని సరుకులకూ ఇలా చేయడం కుదరదు. విలువలో పెద్దవి పది పదిహేను రకాలు చూస్తే చాలావరకు దొరికిపోతుంది.

మార్చి 31 దాటిపోయింది. ఇప్పుడు లెక్క పెట్టి ఆనాటి స్టాకు తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు, వెనక్కి నడిపించాలి. 2024 మే 12న కాయిల్స్ లెక్క పెడితే 260 ఉన్నాయి. ఏప్రిల్ 1 నుంచి ఆ రోజు దాకా 110 వచ్చాయి, 90 పోయాయి. వచ్చినవి తీసేసి, పోయినవి కలపాలి: 260 − 110 + 90 = 240. మార్చి 31న ఉన్నవి 240 అని తేలింది. సరుకు లెక్కకు ఆ రోజు రాలేకపోయిన ఆడిటర్లు చేసేది కూడా ఇదే. మధ్యలోని బిల్లులు, రిటర్నులు అన్నీ ఎక్కించి ఉంటేనే ఇది నమ్మదగినది. నెలలు గడిచేకొద్దీ బిల్లులు పెరుగుతాయి, పొరపాట్లకు అవకాశమూ పెరుగుతుంది.

తప్పు దొరికింది. పుస్తకాల్లో ఎలా దిద్దాలి?

ఎప్పుడు దొరికిందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ ఏడాది లెక్కలు ఇంకా ఖరారు కాకపోతే స్టాకు అంకె మార్చేయడమే, ఎంట్రీతో పని లేదు.

మొదటి ఏడాది మూసేశారు, రెండో ఏడాది నడుస్తోంది అనుకుందాం. మన భాగస్వామ్య సంస్థలో ఓపెనింగ్ స్టాక్‌ను 1,40,000 తగ్గించి, ఆ మొత్తాన్ని పాత నిష్పత్తిలో పాత భాగస్వాముల మూలధనంలోంచి తీయాలి.

```
మొదటి భాగస్వామి మూలధనం ఖాతా   డెబిట్    70,000
రెండో భాగస్వామి మూలధనం ఖాతా   డెబిట్    70,000
    ఓపెనింగ్ స్టాక్ ఖాతా             క్రెడిట్            1,40,000
```

దీంతో ఈ ఏడాది లాభం 18,00,000 దగ్గరే నిలుస్తుంది, కొత్తాయనకు అన్యాయం జరగదు. కంపెనీలకు పద్ధతి వేరు. మామూలు అకౌంటింగ్ స్టాండర్డ్స్ పాటించే కంపెనీ ఏఎస్-5 ప్రకారం దీన్ని గత కాలపు అంశంగా ఈ ఏడాది లాభనష్టాల్లో విడిగా చూపిస్తుంది. ఇండ్ ఏఎస్ పాటించే కంపెనీ, తప్పు పెద్దదైతే, ఇండ్ ఏఎస్-8 ప్రకారం కిందటి ఏడాది అంకెలనే దిద్ది పక్కన చూపిస్తుంది.

ఎవరూ చేయకూడని దిద్దుబాటు ఒకటుంది, కానీ చేసేవాళ్లు చాలామంది. రెండో ఏడాది లాభం తక్కువ కనిపిస్తోందని ఆ ఏడాది క్లోజింగ్ స్టాక్‌కు 1,40,000 కలిపి 16,90,000 అని రాస్తారు. లాభం 18,00,000 వస్తుంది, అది నిజమైన అంకె కూడా, అందుకే మనసుకు హాయిగా ఉంటుంది. కానీ లేని సరుకు మూడో ఏడాదిలోకి వెళ్లింది. మొదటిసారి జరిగింది పొరపాటు. ఈసారి రాసింది తెలిసి రాసిన అబద్ధపు స్టాకు, బ్యాంకుకు ఇచ్చిన స్టేట్‌మెంట్‌తో సహా.

ఆదాయపు పన్ను మాటేమిటి?

భాగస్వామ్య సంస్థకు పన్ను 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, వెరసి 31.2 శాతం. 1,40,000 మీద 43,680. ఎక్కువ రాసిన మన దుకాణం 2023-24కు ఈ 43,680 అదనంగా కట్టింది, 2024-25లో అంత తక్కువ కట్టింది. రేటు ఒకటే కాబట్టి పోయింది ఏడాదిపాటు ఆ డబ్బు వాడుకునే వీలు. సొంత వ్యాపారమైతే శ్లాబులు అడ్డొస్తాయి. మొదటి ఏడాది ఎక్కువ పడిన లాభం 30 శాతం శ్లాబులో పడి, రెండో ఏడాది తగ్గింది 20 శాతం శ్లాబులో తగ్గితే ఆ తేడా తిరిగి రాదు.

తక్కువ రాసినవాళ్లది ఇంకో ఇబ్బంది. మొదటి ఏడాది పన్ను తక్కువ కట్టినట్టు అవుతుంది, తర్వాత తేలితే వడ్డీ పడుతుంది. "మరుసటి ఏడాది ఎక్కువ కట్టాను కదా" అన్నంత మాత్రాన ఆ వడ్డీ పోదు, ఏ ఏడాది లెక్క ఆ ఏడాదిదే.

రిటర్ను దిద్దే దారి కూడా తప్పు ఏ వైపున్నదో దాన్ని బట్టే. 2023-24 లాభానికి అసెస్‌మెంట్ ఇయర్ 2024-25. దానికి రివైజ్డ్ రిటర్ను వేయడానికి గడువు 2024 డిసెంబర్ 31తో ముగిసింది. 2024 మే నెలలోనే కాయిల్స్ సంగతి తేలి ఉంటే లాభం తగ్గించి వేసుకునే వీలుండేది. గడువు దాటాక మిగిలేది అప్‌డేటెడ్ రిటర్ను. అది పన్ను పెంచడానికే పనికొస్తుంది, తగ్గించుకోవడానికి కాదు. కాబట్టి స్టాకు తక్కువ రాసినవాళ్లు అదనపు పన్నుతో దాన్ని వాడుకోగలరు, ఎక్కువ రాసినవాళ్లకు ఆ తలుపు మూసుకున్నట్టే.

రెండేళ్లూ మూసేశాక తెలిస్తే?

2025 మార్చి స్టాకు సరైనదే అయితే దిద్దడానికి స్టాకులో ఏమీ మిగలదు. మొత్తం మూలధనం సరిగ్గానే ఉంది. భాగస్వాముల మధ్య లెక్క మాత్రం తేల్చాలి. పాతవాళ్ల మూలధనంలోంచి చెరి 14,000 తీసి కొత్తాయన ఖాతాకు 28,000 జమ చేయాలి. అన్నీ సర్దుకున్నాయి కదా అని ఈ ఒక్క ఎంట్రీ వదిలేస్తారు. ఈ పొరపాటు వల్ల నిజంగా డబ్బు పోయింది ఆయనకే. ఆ తర్వాత రెండేళ్ల లాభశాతాలు బ్యాంకుకో, కొత్త భాగస్వామికో చూపించాల్సి వస్తే 21.75, 18.44 చూపించకండి. దిద్దిన పట్టిక వేసి, కారణం రెండు వాక్యాల్లో కింద రాసి ఇవ్వండి.